కలశం చెంబుకు మూతి కొలత రాయండి

మన దగ్గర పూజా సామాను అమ్మేవాళ్లకూ, పండగల ముందు సంఘం తరఫున స్టాల్ పెట్టే మన వాలంటీర్లకూ ఒక మాట. శ్రావణ మాసం వస్తుందనగానే ‘వరలక్ష్మీ వ్రతం కలశం సెట్’ అని ఒక ఫొటో, కింద ఒక ధర పెడతారు. అది ఇత్తడో, ఇత్తడి రంగు వేసిన ఇనుమో తెలియదు. ఫొటోలో అరచేతిలో పట్టేదీ, బిందెంత ఉండేదీ ఒకేలా కనిపిస్తాయి. ఊళ్లో అయితే కొట్టుకెళ్లి చేత్తో పట్టుకుని, వేలితో కొట్టి చూసి తీసుకుంటాం. ఇక్కడ ఫొటో చూసి కొంటాం కాబట్టి ఆ వీలు లేదు, నచ్చకపోతే వ్రతంలోపు మార్చుకునే టైమూ ఉండదు. అందుకే లోహం, కొలత, వాడకం అనే మూడూ రాయకుండా ఏ వస్తువూ అమ్మకానికి పెట్టకూడదని నా అభిప్రాయం.

కొలత అంటే చాలామంది ఎత్తు ఒక్కటే రాస్తారు. కలశానికి అంతకంటే ముఖ్యం మూతి లోపలి వెడల్పు, ఎందుకంటే కొబ్బరికాయ కూర్చోవలసింది అక్కడే. పీచు తీసిన కాయ అడ్డంగా సుమారు 4 అంగుళాలు ఉంటుందనుకుందాం. మూతి 3 అంగుళాలుంటే కాయ ముప్పావు అంగుళం దాకా లోపలికి దిగి కదలకుండా నిలబడుతుంది. 2 అంగుళాలే అయితే అంచు మీద ఊగుతూ ఉంటుంది, అమ్మవారి ముఖం కట్టగానే ముందుకు వాలిపోతుంది. మూతి 4 అంగుళాలు దాటిందా, కాయ చెంబులోకే జారిపోతుంది. మామిడాకులు చుట్టూ దోపి కొంత సర్దుకోవచ్చు గానీ, పూజ అయ్యేదాకా ఎప్పుడు ఒరుగుతుందో అన్న టెన్షన్ తప్పదు.

మొత్తం ఎత్తు కూడా లెక్క వేసుకోవాలి. అపార్ట్‌మెంట్‌లో చాలామందికి పూజగది అంటే అల్మారాలో ఒక అరే. చెంబు 5 అంగుళాలు, పైకి కనిపించే కాయ 3 పైచిలుకు, పిలక ఒకటిన్నర, కింద పళ్లెంలో బియ్యం ఒక అంగుళం అనుకుంటే 11 దగ్గరకొస్తుంది. పైన రవికెల గుడ్డ కోసుగా మడిచి పెడితే 13 అవుతుంది. ‘5 అంగుళాల చెంబు’ అని చదివి 12 అంగుళాల అరలో పడుతుందనుకున్నవాళ్లు పూజ రోజు పొద్దున్నే పీట వెతుక్కోవలసి వస్తుంది. అందుకే, అలంకరణతో కలిపి ఎంత ఎత్తు జాగా కావాలో అమ్మేవాళ్లే రాసేస్తే ఎంతో మేలు. అమ్మవారి ముఖానికి కూడా ఎత్తు, బరువు, దారం కట్టుకోవడానికి పక్కల రంధ్రాలున్నాయా లేవా అన్నది చెప్పాలి. 4 అంగుళాల కాయకు 3 అంగుళాల ముఖం చక్కగా అమరుతుంది. 5 అంగుళాలదైతే కిందకు వేలాడి చెంబు అంచుకు తగులుతుంది.

ఇక లోహం. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు. అది రాగి, జింకు, నికెల్ కలిసిన లోహం. అలంకరణకు బాగుంటుంది, కాబట్టి అమ్మడంలో తప్పు లేదు. పేరులో సిల్వర్ ఉంది కదా అని వెండి అనుకుని కొనేవాళ్లున్నారు కాబట్టి, ‘వెండి కాదు’ అని పక్కనే రాయాలి. వెండిదే అయితే 925 అనో 999 అనో స్వచ్ఛత, గ్రాముల్లో బరువు ఉండాలి. వెండి పూత అయితే పూత అని స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే చింతపండు వేసి ఇత్తడిలా తోమితే నాలుగు వ్రతాలకే లోపలి రంగు బయటపడుతుంది. ఇప్పటికే కొన్నవాళ్లు ఒకసారి ఫ్రిజ్ మీది అయస్కాంతం పెట్టి చూడండి. అసలైన ఇత్తడికి, రాగికి, వెండికి అది అంటుకోదు. అంటుకుందంటే లోపల ఇనుము ఉన్నట్టే. అంటుకోనంత మాత్రాన వెండి అని మాత్రం కాదు, జర్మన్ సిల్వర్‌కీ మామూలుగా అంటుకోదు.

వాడకం దగ్గర కూడా ఒక్క ముక్క చాలు. రాగి చెంబులో కలశం నీళ్లు పోయవచ్చు, పంచామృతం కలపకూడదు. పెరుగు పులుపుకి రాగి కరిగి అందులో కలుస్తుంది. మెరుపు పోకుండా లక్క పూసిన ఇత్తడి కుంది అయితే ఆ సంగతీ చెప్పాలి, వత్తి వేడికి ఆ పూత మాడి వాసన వస్తుంది.

మన స్టాల్‌లో ఈసారి చీటీ ఇలా ఉండాలని కోరుతున్నాను: ‘ఇత్తడి చెంబు, పై పూత లేదు. ఎత్తు 5, మూతి లోపల 3 అంగుళాలు. 4 అంగుళాల కాయ నిలుస్తుంది. అలంకరణతో 13 అంగుళాల జాగా కావాలి. నీళ్లు గానీ బియ్యం గానీ పోయవచ్చు. చింతపండుతో తోమవచ్చు.’ పక్కన ఒక టేపు పెట్టండి. ఇక్కడి సూపర్ మార్కెట్‌లో పిలక తీసేసిన కాయలే ఎక్కువ కాబట్టి, పిలక ఉన్న కాయ ఏ కొట్లో దొరుకుతుందో కూడా ఆ చీటీ వెనకాల రాయండి.