పెళ్ళికి రాలేనివాడి 45 సెకన్లు

మన పెద్దలు మనిషికి పదహారు సంస్కారాలు చెప్పి అక్కడితో ఆపేశారు. వాళ్ళ కాలంలో సెల్‌ఫోన్లు లేకపోవడమే దీనికి కారణమని నా దృఢమైన అభిప్రాయం. ఉండి ఉంటే పదిహేడోది కూడా చెప్పేవారు: పెళ్ళికి రాలేని స్నేహితుడు వీడియో పంపడం. దానికో మంత్రం, ఒక తంత్రం, తప్పు జరిగితే ప్రాయశ్చిత్తం కూడా రాసిపెట్టేవారు. రాయలేదు కాబట్టి ఆ భారం నా మీద పడింది.

నా అర్హత గురించి రెండు మాటలు. నాది బ్యాంకు ఉద్యోగం, పోస్టింగు అస్సాంలోని జోర్హాట్‌లో. నా ప్రాణస్నేహితుడు బుజ్జిగాడి పెళ్ళి తణుకులో, మార్చి 29న. మార్చి 31న బ్యాంకుల ఖాతాలు ముగుస్తాయని పురోహితుడికి తెలియదు. తారాబలం, చంద్రబలం అంటే ఏమిటో మా మేనేజరుకు తెలియదు. ఇద్దరి అజ్ఞానం మధ్య నేను జోర్హాట్‌లో ఇరుక్కున్నాను. సెలవు అడిగితే, "ఎవరి పెళ్ళి? నీదా?" అన్నారాయన. కాదన్నాను. అక్కడితో చర్చ ముగిసింది.

"పోనీలేరా, వీడియో పంపు. తెర మీద వేయిస్తా" అన్నాడు బుజ్జిగాడు.

ఈ తెర సంగతి నాకు బాగా తెలుసు. అంతకు ముందు ఏడాది ఇంకో స్నేహితుడి రిసెప్షన్‌కు వెళ్ళినప్పుడు ఆ తెర మీద వరసగా పద్నాలుగు వీడియోలు చూశాను. మొదటివాడు డల్లాస్ నుంచి. కారులో కూర్చుని, సీటుబెల్టు పెట్టుకునే, "సారీరా మామా, రాలేకపోయాను" అని మొదలుపెట్టాడు. రెండోవాడు డబ్లిన్ నుంచి. వాడూ సారీ. మూడోవాడు దుబాయ్ నుంచి, ఇంకా పెద్ద సారీ, పైగా గొంతు పూడుకుపోయింది. ఐదో వీడియోకి నా పక్కన కూర్చున్న పెళ్ళికొడుకు నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, "నాయనా, ఎవరైనా పోయారా? నాకు చెప్పకుండా దాస్తున్నారా?" అని మెల్లగా అడిగింది. ఎవరూ పోలేదని నచ్చజెప్పేసరికి పదకొండో సారీ వచ్చింది. ఆవిడ నన్ను నమ్మలేదు.

శుభకార్యంలో ఇన్నిసార్లు క్షమాపణ వినిపించడం అశుభమా కాదా అన్నది పండితులు తేల్చాలి. నా మట్టుకు నేను మొదటి సూత్రం అక్కడే రాసుకున్నాను: రాలేకపోవడానికి కారణం చెప్పకూడదు. కారణం పెళ్ళికొడుక్కి ముందే తెలుసు. మిగతా ఆరువందల మందికి అక్కర్లేదు. వాళ్ళు నా వీసా గురించో, నా ఆడిట్ గురించో తెలుసుకుందామని పట్టుచీరలు కట్టుకుని రాలేదు. చెప్పుకోవాల్సిన సారీ ఉంటే ఫోన్ చేసి వాడికే చెప్పాలి.

అయినా కాగితం మీద పెన్ను పెట్టగానే మనిషి బలహీనుడైపోతాడు. నా మొదటి ప్రతి చదివి చూసుకుంటే 4 నిమిషాల 10 సెకన్లు వచ్చింది. అందులో 50 సెకన్లు మార్చి క్లోజింగ్ మీద. సూత్రం రాసిన చేత్తోనే. ఆ తర్వాత సంసారం రెండెడ్ల బండి అన్న మాట వచ్చింది. ఇందులో ఎద్దు ఎవరో తేల్చకుండా ఆ మాట వాడటం ప్రమాదమని తర్వాత తట్టింది. ఆ పైన సప్లిమెంటరీ పరీక్షల కథ, గోడ దూకిన కథ, లైబ్రరీ కథ. చివర్లో ఇంగ్లీషులో "విష్ యూ హ్యాపీ మ్యారీడ్ లైఫ్". ఈ వాక్యానికి ఆంధ్రదేశంలో మంగళాష్టకాల హోదా ఉంది కాబట్టి తీసేయడానికి చెయ్యి వణికింది.

ఇలాంటివి పంపే ముందు, పెళ్ళివాళ్ళు ఎవరో తెలియని ఒక మనిషికి వినిపించాలి. నేను మా అమ్మకు ఫోన్‌లో వినిపించాను. గోడ దూకినప్పుడు నవ్వలేదు. సప్లిమెంటరీ దగ్గర, "పాపం, ఎన్ని పోయాయి?" అంది. లైబ్రరీ కథ దగ్గర మాత్రం ఆపించి, "ఆ మూడో బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి ఎవర్రా?" అని అడిగింది. నేను అమ్మాయి ఊసే ఎత్తలేదు. "మూడో బల్ల అంటే వాడికి అర్థమవుతుంది" అని మాత్రమే రాశాను. మా అమ్మకు పట్టింది నాలుగు సెకన్లు. పెళ్ళికూతురి మేనత్తలకు రెండు చాలు.

స్నేహితుడికి మాత్రమే అర్థమయ్యే జోకులో ఉన్న చిక్కు ఇది. హాల్లో వాడొక్కడే నవ్వుతాడు. ఎందుకు నవ్వాడో తెలుసుకోవాలని మిగతావాళ్ళకు ఉంటుంది. ఆ ఆరా అర్ధరాత్రి 2 గంటల ముహూర్తం దాకా సాగుతుంది. అందుకని కథ ఒక్కటే ఉండాలి. అది వాడి గురించి ఏమీ తెలియనివాడికి కూడా అర్థం కావాలి, వాళ్ళ అమ్మ విని సంతోషించాలి, పెళ్ళికూతురికి అందులో ఒక ఉపయోగం ఉండాలి. ఈ వడపోతలో మా నాలుగేళ్ళ హాస్టల్ జీవితం మొత్తం కొట్టుకుపోయి, చివరికి ఒక సున్నుండల డబ్బా మిగిలింది.

ఇక చుట్టరికం. ఇది అన్నిటికన్నా క్లిష్టమైన అధ్యాయం. పెళ్ళికూతుర్ని ఏమని పిలవాలి? "సిస్టర్" అంటే ఆసుపత్రి గుర్తొస్తుంది. "వదినగారూ" అంటే బుజ్జిగాడు నాకు అన్నయ్యవుతాడు. వాడు నాకంటే నాలుగు నెలలు చిన్న, ఈ జన్మకు ఒప్పుకోను. "చెల్లెమ్మా" అంటే వాడు నాకు బావవుతాడు, వాళ్ళ అమ్మ అత్తయ్యవుతుంది, వాణ్ణి సతాయించే హక్కు శాస్త్రోక్తంగా సంక్రమిస్తుంది. అందుకని చెల్లెమ్మ. పేరు కూడా పలకాలి. పద్నాలుగు వీడియోల్లో పదకొండు మంది పెళ్ళికూతురి పేరే ఎత్తలేదు. శుభలేఖలో "చి.ల.సౌ." అని అచ్చువేసి పంపినా వీళ్ళు పెళ్ళికొడుకు ఒక్కడికే పెళ్ళి అన్నట్టు మాట్లాడారు. నేను ఇంట్లో పిలిచే పేరు కనుక్కున్నాను, చిన్ని. కనుక్కోకపోతే శుభలేఖలో ఉన్నదే చాలు, తప్పు పలకనంతవరకు.

తుది ప్రతి ఇది.

"అందరికీ నమస్కారం. నేను బుజ్జిగాడి హాస్టల్ రూమ్మేట్‌ని. మా హాస్టల్లో అందరి పెట్టెలకూ తాళాలుండేవి. వీడి సున్నుండల డబ్బాకు మాత్రం ఉండేది కాదు. అత్తయ్య పంపిన డబ్బా మంచం మీదే తెరిచి పెట్టేవాడు. ఆకలేసినవాడల్లా తీసుకునేవాడు. అందరికంటే ఎక్కువ తీసుకున్నది నేనే. అత్తయ్యా, ఆ బాకీ నాకు గుర్తుంది. చెల్లెమ్మా చిన్నీ, మా బావకు ఏదీ దాచుకోవడం రాదు. నీ వంతు నువ్వే ముందు తీసి పక్కన పెట్టుకో. ఇద్దరూ నూరేళ్ళు చల్లగా ఉండండి. ఒరేయ్ బావా, ఇక దిగి భోంచెయ్యి."

డెబ్బై మాటల లోపే. మామూలుగా చదివితే అర నిమిషం. కానీ కల్యాణమండపంలో గొంతు గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది. గబగబా చెబితే ఒక మాట మీద ఇంకో మాట పడి సన్నాయిలా వినిపిస్తుంది. అందుకని ప్రతి వాక్యం తర్వాత ఒక శ్వాస ఆగాలి. ఆగితే 45 సెకన్లు వచ్చింది. అంతకు మించితే, వేదిక ముందు కవర్లు పట్టుకుని నిలబడ్డ వరసలో ఎవరో ఒకరు ముందుకు జరుగుతారు. పెళ్ళికొడుకు లేచి ఫొటోకు నిలబడతాడు. ఆ పైన మనం చెప్పేది క్యాటరింగ్ కుర్రాళ్ళ కోసం.

తీయడం కూడా ఒక తంతే. ఫోన్ అడ్డంగా పెట్టాలి. అది వెడల్పాటి తెర. నిలువుగా తీస్తే రెండు పక్కలా నల్లటి గోడలు, మధ్యలో మనం లిఫ్టులో ఇరుక్కున్నవాడిలా కనిపిస్తాం. కిటికీకి వీపు కాదు, ముఖం పెట్టాలి. ఫ్యాను కట్టేయాలి, మనకు వినిపించని దాని రొద మైకులో పడి హాల్లో పిండిమర అవుతుంది. చూపు తెరలో మన బొమ్మ మీద కాకుండా లెన్సు మీద ఉండాలి. లేకపోతే ఆరువందల మందినీ తప్పించుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నేను లెన్సు పక్కన ఒక బొట్టుబిళ్ళ అంటించి దానితో మాట్లాడాను. బ్రహ్మచారి గదిలో బొట్టుబిళ్ళ ఎందుకుందని ఇంటి ఓనరు అడిగారు. అది వేరే వ్యాసం.

కాగితం ఫోను వెనక పెట్టుకుని చదవబోతే కళ్ళు ఎడమ నుంచి కుడికి గడియారం లోలకంలా తిరుగుతాయి. అందుకని మొదటి వాక్యం, చివరి వాక్యం బట్టీ పట్టి, మధ్యలోది నోటికొచ్చినట్టు చెప్పాను. అయిపోయాక రెండు సెకన్లు కదలకుండా ఉండాలి. ఇది చాలామందికి చేతకాదు. పద్నాలుగు వీడియోల్లోనూ చివరి దృశ్యం ఒకటే: ఆపడానికి ముందుకొచ్చే ఒక పెద్ద వేలు.

ఇక పంపడం. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది నొక్కి చిన్నది చేస్తుంది. ఫోన్‌లో బాగానే కనిపిస్తుంది, పెద్ద తెర మీద మాత్రం ముఖం అలికిన ముగ్గులా ఉంటుంది. డాక్యుమెంట్‌గా పంపితే తీసింది తీసినట్టు వెళ్తుంది. పెళ్ళికొడుక్కి పంపకూడదు, ఆ రోజుల్లో వాడి ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో వాడికే తెలియదు. తెర నడిపే కుర్రాడి నంబరు కనుక్కుని రెండు రోజుల ముందు అతనికే పంపాను. ఎప్పుడు వేయాలో కూడా చెప్పాను: ఆర్కెస్ట్రా మొదలయ్యే ముందు. జీలకర్ర బెల్లం వేళ, తలంబ్రాల వేళ వేస్తే దేవుడు దిగొచ్చి శుభాకాంక్షలు చెప్పినా ఎవరూ తలెత్తి చూడరు.

మరి వీడియో పంపినవాడికి చదివింపులు మాఫీ అవుతాయా అని కొందరు మిత్రులు ఆశగా అడుగుతున్నారు. కావు. 1,116 రూపాయలూ అదే రోజు ఫోన్‌లో వేశాను. బ్యాంకువాణ్ణి, బాకీ అని తెర మీద చెప్పుకున్నవాణ్ణి.

ఆ రాత్రి పదకొండింటికి, నేను ఇంకా బ్రాంచిలోనే ఉండగా, బుజ్జిగాడు ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ నవ్విందట. అత్తగారి వైపు ఒక పెద్దాయన, "ఈ కుర్రాడు ఎక్కడ కూర్చున్నాడు? భోంచేశాడా?" అని రెండుసార్లు వెతికించారట. తెరలో ఉన్నవాడు హాల్లో లేడని ఆయనకు ఎవరూ చెప్పలేకపోయారు.

ఏప్రిల్ రెండో వారంలో జోర్హాట్‌కు ఒక పార్సిల్ వచ్చింది. స్టీలు డబ్బా, మూతకు తాళం లేదు. లోపల ఒక చీటీ: "అన్నయ్యగారూ, మీ వంతు పది. చిన్ని."

బ్యాంకువాడి అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. తొమ్మిదే ఉన్నాయి. పదోది ఏమైందని బుజ్జిగాడికి ఫోన్ చేస్తే, అవతల నుంచి ఏదో నములుతున్న చప్పుడు వినిపించింది.