మాత్ర వేళ, పాల వేళ

ఈ సంక్రాంతికి అమలాపురం దగ్గర మా లంక ఊరు వెళ్లాను. కుప్పనూర్పుల దుమ్ముకు మా అన్నయ్య కూతురికి ఉబ్బసం తిరగబెట్టి ఉంది. ఆమెకు నాలుగు నెలల పాప. డాక్టర్ ప్రెడ్నిసొలోన్ రాశారు: ఉదయం ఒకేసారి 40 మిల్లీగ్రాములు, 5 రోజులు. పాల సంగతి చీటీలో లేదు, వీళ్లూ అడగలేదు. ఇంట్లో పెద్దవాళ్లు పాలు మాన్పించి డబ్బా పాలు పట్టిస్తున్నారు. నేను వెళ్లేసరికి రెండో రోజు. రొమ్ములు రాయిలా గట్టిపడి ఆ పిల్ల ఏడుస్తోంది.

"మందు పోవాలని పూటపూటా పిండి పారబోస్తున్నాను అత్తయ్యా," అంది.

అమెరికాలో మందుల షాపు కౌంటర్ వెనుక ఇరవై ఏళ్లుగా నిలబడి పనిచేస్తున్నదాన్ని. ఈ మాట అక్కడి మన పిల్లల దగ్గరా విన్నాను. పిండితే మందు పోతుందన్నది పొరపాటు. పాలు మూత పెట్టిన బిందె కాదు. మా ఊరివాళ్లకు తెలిసిన పోలికే ఆమెకు చెప్పాను. అంతర్వేది దగ్గర సముద్రం పోటు మీద ఉంటే ఉప్పునీరు పాయల్లోకి ఎక్కుతుంది, ఆటు వస్తే వెనక్కి దిగుతుంది. మందూ అంతే. రక్తంలో పెరిగితే పాలలోకి వస్తుంది, రక్తంలో తగ్గితే పాలలోంచి తిరిగి రక్తంలోకే వెళుతుంది. పాయలో నీళ్లు తోడినంత మాత్రాన పోటు ఆగదు. పిండితే గట్టిదనం తగ్గుతుంది, పాలు ఎండిపోకుండా ఉంటాయి. అది చేసే మేలు అంతే.

కాబట్టి చూడవలసింది ఆ మందు ఎప్పుడు పోటు మీద ఉంటుంది, ఎప్పుడు దిగుతుంది అన్నది. ప్రెడ్నిసొలోన్ మింగిన గంట, రెండు గంటల్లో శిఖరానికి చేరుతుంది. ఆ తరువాత సుమారు మూడేసి గంటలకు సగమవుతూ పోతుంది. పాప ఎనిమిదింటికి తాగుతుంది, మళ్లీ పదకొండున్నరకు గాని అడగదు. అందుకని ఎనిమిదింటికి పాలిచ్చి, టిఫిన్ తిని, ఎనిమిదింబావుకు మాత్ర వేసుకోమన్నాను. పదిన్నర లోపు శిఖరం దాటిపోతుంది, తరువాతి పాల వేళకు మందు దిగుముఖంలో ఉంటుంది. నిజానికి ఈ మందు పాలలోకి చేరేదే అతి తక్కువ, ఆ ఎడం తప్పనిసరి కూడా కాదు. అందుకే పాప పదింటికే ఏడిస్తే గడియారం చూడకుండా ఇవ్వమన్నాను. పీల్చే సాల్బుటమాల్ మందుకు వేళ చూసే పనే లేదు, రక్తంలోకి చేరేది బహు కొంచెం.

ఇక్కడే నా అభ్యంతరం. వేళ మార్చే చిట్కాను అన్ని మందులకూ అంటగడుతున్నారు. త్వరగా ఎక్కి త్వరగా దిగే మందుకే అది పనికొస్తుంది. రోజుకు ఒకసారి వేసుకునేదైతే, పాప ఎక్కువసేపు నిద్రపోయే వేళకు ముందు, పాలిచ్చిన వెంటనే వేసుకోవడం మేలు. మెల్లగా విడుదలయ్యే మాత్రలకు ఈ లెక్క చెడిపోతుంది. ఫ్లూఆక్సెటిన్ వంటి మానసిక ఔషధం విషయంలో వేళకు అర్థమే లేదు. దాని నుంచి శరీరంలో తయారయ్యే పదార్థం సగానికి తగ్గడానికే రోజులు పడుతుంది, పోటూ ఆటూ ఉండవు. అలాగని తల్లి ఆ మందు మానేయకూడదు. పాప తూకం, నిద్ర, పాలు తాగే తీరు గమనించాలి, వేరే మందు కావాలేమో డాక్టర్‌తో మాట్లాడాలి. పుట్టిన మొదటి వారాల్లో బిడ్డ రెండు గంటలకోసారి తాగుతుంది, అప్పుడు వేళ చూసుకునేందుకు ఎడమే దొరకదు. పైగా ఆ వయసులో, ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో, కాలేయం, మూత్రపిండాలు మందును నెమ్మదిగా బయటికి పంపుతాయి.

అన్నిటికన్నా భయపడింది వంటింటి అలమరలో కనిపించిన దగ్గు సిరప్‌ను చూసి. అందులో కోడీన్ ఉంది. కోడీన్ శరీరంలో మార్ఫిన్‌గా మారుతుంది. కొందరు తల్లుల్లో ఆ మార్పు చాలా వేగంగా జరుగుతుంది, ఎవరిలో జరుగుతుందో ముందే తెలియదు. బిడ్డ మత్తుగా పడుకోవడం, పాలు పట్టకపోవడం, ఊపిరి మందగించడం దాని గుర్తులు. అవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో పాలిచ్చే తల్లులు కోడీన్, నొప్పి మందు ట్రమడాల్ వాడవద్దని హెచ్చరించింది. ఎంత ఎడం పాటించినా ఈ రెండూ సురక్షితం కావు. మా వదిన ఆ సీసాను ఎదురుగానే తీసి పడేసింది.

చీటీ రాసేవారు మందు పేరు పక్కన "పాలిచ్చాక" అనో, "వేళ పట్టింపు లేదు" అనో, "పాలిచ్చే తల్లికి వద్దు" అనో ఒక్క ముక్క రాయాలి. రాయకపోతే తల్లి అడగాలి. మనం కూడా అమెరికా నుంచి ఫోనులో "ఎందుకైనా మంచిది, పాలు ఆపెయ్యి" అనడం మానాలి. ఆపిన ఆ రెండు రోజులకే ఆ పిల్లకు పాలు తగ్గాయి. మాత్రల కోర్సు ముగిశాక కూడా, పాపను రాత్రి పగలు రొమ్ముకు పెట్టుకుంటూ మునుపటి ధార తెచ్చుకోవడానికి ఇంకో వారం పట్టింది.