డిపాజిట్ అడిగే ముందు ఇల్లు చూడమని అడగాలి

నేను మొదటిసారి అద్దె ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఓనర్‌కి రాసిన ఉత్తరం కాపీ ఇప్పటికీ నా దగ్గరుంది. నాలుగే వాక్యాలు. ఇన్నాళ్లూ బాగా చూసుకున్నందుకు కృతజ్ఞతలు, ఫలానా తేదీన వెళ్లిపోతున్నాం, వీలు చూసుకుని డిపాజిట్ తిరిగి ఇప్పించగలరు, ఏవైనా డ్యామేజీలు ఉంటే అందులోంచి పట్టుకోండి. మర్యాదగా రాశాననే అనుకున్నాను. ఎంత పట్టుకోవాలో తేల్చే అధికారం మొత్తం ఆ చివరి వాక్యంతో ఆయన చేతిలో పెట్టేశానని మూడు నెలల తర్వాత గానీ తెలిసిరాలేదు. మూడు నెలల అద్దెంత డిపాజిట్‌లో ఒక నెల అద్దె ‘పెయింటింగ్, రిపేర్లు’ అన్న రెండు మాటల కింద పోయింది. గట్టిగా అడుగుదామంటే నా ఉత్తరమే నాకు అడ్డం.

ఖాళీ చేసేటప్పుడు రాసే ఉత్తరాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. వాటి బరువంతా డబ్బు అడగడం మీదే. నా లెక్కలో డబ్బు సంగతి రెండోది. ఇల్లు ఖాళీ అయ్యాక, తాళంచెవులు ఇచ్చేయకముందు, ఇద్దరూ కలిసి ఇల్లు చూసి రాసుకుందామని అడిగే వాక్యం మొదటిది. తాళాలు చేతులు మారాక ఆ ఇంట్లో కనిపించే ప్రతి గీతా ఎవరిదో చెప్పడం కష్టం. సామాను దించేవాళ్లు తగిలించారో, తర్వాత వచ్చిన పెయింటర్ తగిలించాడో, మనమే తగిలించామో తేల్చేదెవరు?

ఉత్తరం ఎప్పుడు రాయాలన్నది అగ్రిమెంట్‌ను బట్టి ఉంటుంది. ఇక్కడ ఒక చిన్న చిక్కుంది. నెల నోటీసు అంటే కొన్ని అగ్రిమెంట్లలో ఉత్తరం అందిన రోజు నుంచి 30 రోజులు. కొన్నిటిలో ఒక పూర్తి అద్దె నెల. రెండో రకమైతే, 5వ తేదీన ఇచ్చిన నోటీసు వచ్చే నెల 1 నుంచి లెక్కకొస్తుంది, అంటే దాదాపు ఇంకో నెల అద్దె మీద పడుతుంది. లెక్క మొదలయ్యేది సాధారణంగా మనం రాసిన రోజు నుంచి కాదు, వాళ్లకు అందిన రోజు నుంచి. అందుకే ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా, అందినట్టు రుజువు మిగిలే పద్ధతిలో పంపాలి. చేతికే ఇస్తే రెండో కాపీ మీద సంతకం, తేదీ వేయించుకుంటే చాలు.

రెండో ఇల్లు వదిలేటప్పుడు నేను రాసిన ఉత్తరం సారాంశం ఇది. మర్యాద తగ్గలేదు, తేదీలు మాత్రం చేరాయి.

“అయ్యా, మన అగ్రిమెంట్ ప్రకారం నెల నోటీసు ఇస్తూ ఇల్లు జూన్ 30న ఖాళీ చేస్తున్నాం. జూన్ నెల అద్దె మామూలుగానే చెల్లిస్తాను. జూన్ 17 సాయంత్రం మీరొకసారి వచ్చి ఇల్లు చూస్తే, మేం సరిచేయాల్సినవి ఏవైనా ఉంటే వెళ్లేలోపు చేయించేస్తాం. జూన్ 30 ఉదయం 10 గంటలకు సామాను తీసేసిన ఇంటిని ఇద్దరం కలిసి చూసి, స్థితి రాసుకుని, మీటర్ రీడింగ్ నోట్ చేసి, తాళాలు మీకు అప్పగిస్తాను. ఆ సమయం కుదరకపోతే మీకు వీలైన మరో రోజు జూన్ 20 లోపు చెప్పగలరు. ఏదీ కుదరని పక్షంలో ఒక సాక్షి సమక్షంలో వీడియో తీసి మీకు పంపి, తాళాలు మీరు చెప్పినవారికి అందజేస్తాను. డిపాజిట్‌గా ఇచ్చిన రెండు నెలల అద్దె మొత్తాన్ని జూలై 15 లోపు ఇప్పించగలరు. ఏదైనా తగ్గించాల్సి ఉంటే ఒక్కొక్కటి దేనికి, ఎంతో బిల్లుతో సహా తెలియజేయగలరు. కొత్త చిరునామా, బ్యాంకు వివరాలు కింద ఇస్తున్నాను.”

జూన్ అద్దె గురించిన వాక్యం ఊరికే పెట్టలేదు. డిపాజిట్ తిరిగొస్తుందో రాదోనన్న భయంతో చాలామంది ఆఖరి నెల అద్దె ఆపేసి, అందులోంచే సర్దుకోమంటారు. భయం అర్థమవుతుంది. కానీ అగ్రిమెంట్‌లో ఆ వెసులుబాటు లేకపోతే అప్పటిదాకా అడగాల్సిన స్థానంలో ఉన్న మనిషి బాకీదారుడైపోతాడు. ఇక ఆ తర్వాత మాట్లాడే ప్రతి మాటా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇల్లు రెండుసార్లు చూడటం అతిగా అనిపించవచ్చు, కానీ ఆ రెండింటి పని వేరు. సామాను ఉండగా జరిగే మొదటి చూపు మనకు సరిచేసుకునే అవకాశం ఇస్తుంది. కాలిఫోర్నియా చట్టంలో ఇలాంటి ముందస్తు పరిశీలన అడిగే హక్కు అద్దెదారుడికి ఉంది. గడువు ముగియడానికి ముందున్న రెండు వారాల్లో అది జరగాలి. చూపించిన లోపాలను అద్దెదారుడే బాగుచేసుకుని కోత తప్పించుకోవాలన్నది దాని ఉద్దేశం. చట్టంలో అలాంటి మాట లేని చోట కూడా ఉత్తరంలో అడగడానికి అడ్డేమీ లేదు. కారే కుళాయికి వాషర్ మనం మార్పిస్తే అయ్యే ఖర్చు వేరు, అదే మనం వెళ్లిపోయాక ‘ప్లంబింగ్ పనులు’ అనే పద్దు కింద తేలే ఖర్చు వేరు.

రెండో చూపు ఖాళీ ఇంట్లోనే జరగాలి. బీరువా వెనక చెమ్మ, మంచం కింద నేల మీద గీతలు అప్పుడే బయటపడతాయి. ప్రతి గదినీ ముందు దూరం నుంచి, తర్వాత లోపం ఉన్నచోట దగ్గర నుంచి ఫొటో తీయాలి. దగ్గరి ఫొటో ఒక్కటే ఉంటే అది ఏ గోడో నెల తర్వాత మనకే తెలియదు. గీత పక్కన ఒక స్కేలు పెడితే దాని పొడవు మీద వాదన ఉండదు. కుళాయిలన్నీ తిప్పి, సింకు కింద చేయి పెట్టి చూడాలి. దిగినప్పటి ఫొటోలు ఉంటే వాటి పక్కన పెట్టుకోవాలి. అవి లేకపోతే మన వాదనలో సగం బలం పోయినట్టే, ఎందుకంటే మార్పు అనేది రెండు స్థితుల మధ్య తేడా.

చూసేటప్పుడే గొడవలు రేగుతాయి. నాకు తెలిసినంతలో కారణం, మూడు ప్రశ్నలు ఒకేసారి వచ్చిపడటం. గోడ మీద ఏముంది? అది ఎవరి బాధ్యత? ఎంత ఖర్చు? ఆ రోజు మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు రాసుకుంటే చాలు. ‘హాల్లో తలుపు పక్క గోడ మీద, నేల నుంచి రెండడుగుల ఎత్తులో క్రేయాన్ గీతలు, తుడిస్తే పోలేదు’ అన్న వాక్యం కింద సంతకం చేయడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు. మాట కుదరని చోట ఇద్దరి మాటలూ పక్కపక్కనే రాసుకోవచ్చు. ‘ఈ సంతకాలు ఇంటి స్థితికి మాత్రమే, కోతకు ఒప్పుకోలు కాదు’ అని పైన ఒక వాక్యం ఉంటే ఆ కాగితం రెండు వైపులా పనికొస్తుంది.

ఆ క్రేయాన్ గీతలు మా అమ్మాయివే. రెండో ఇంటి ఓనర్ వాటిని చూడగానే ఇల్లంతా పెయింట్ వేయించాలి, ఒక నెల అద్దె అవుతుందన్నారు. ఆయన చెప్పిన ఖర్చు అబద్ధం కాదు, ఇల్లంతా వేయిస్తే నిజంగా అంత అవుతుంది. కానీ ఆ పెయింట్ మేం దిగేముందు వేసింది, మేం ఉన్నది మూడేళ్లు. ఐదేళ్లకు మళ్లీ వేయించాల్సిందేనని ఆయనే ఒప్పుకున్నారు. అంటే దాని విలువలో ఐదింట మూడు వంతులు మామూలు వాడుకలోనే అరిగిపోయాయి, మిగిలింది ఐదింట రెండు వంతులు. ఇల్లు దాదాపు ఒకే కొలత ఉన్న నాలుగు గదులు. నేను మొదట ఒక్క గోడ లెక్క వేశాను. పదహారు గోడల్లో ఒకటి, అందులో ఐదింట రెండు వంతులు, అంటే నలభయ్యో వంతు. ఒక రోజు అద్దె కూడా కాదు.

దానికి ఆయన చెప్పిన జవాబు సబబైనది. మూడేళ్ల పాత రంగు పక్కన ఒక్క గోడకే కొత్త రంగు వేస్తే అతుకులా కనిపిస్తుంది, గది మొత్తం వేయాలి. నిజమే. అప్పుడు నాలుగింట ఒక వంతు ఖర్చులో ఐదింట రెండు వంతులు, మొత్తం పదో వంతు. మూడు రోజుల అద్దె. ఇద్దరం అక్కడ ఆగాం.

ఈ ఐదేళ్లు అనేది ఎక్కడో రాసిపెట్టిన అంకె కాదు. చవక రంగైతే తక్కువ, మంచి రంగు వేసిన గది అయితే ఎక్కువ. పగిలిన అద్దానికి ఈ లెక్క పెద్దగా పనిచేయదు, గాజు వాడితే అరిగేది కాదు కాబట్టి దాని పూర్తి ధర మనదే. పటాల మేకుల చిల్లులు, ఎండకు వెలిసిన రంగు, నడిచిన దారిలో మాసిన నేల మామూలు అరుగుదల కిందికి వస్తాయి. గోడలో మరలు బిగించిన పెద్ద అల్మారా ఊడబెరికితే పెచ్చులూడిన చోటు రాదు.

ఓనర్ల వైపు కూడా ఒక మాట చెప్పాలి. ఆలస్యం ప్రతిసారీ దురుద్దేశం కాదు. డిపాజిట్‌ను ఎప్పుడో ఖర్చుపెట్టేసి, కొత్తగా వచ్చేవాళ్లు ఇచ్చేదాంతో మనకు ఇవ్వాలనుకునేవాళ్లు ఎక్కువ. అందుకే డబ్బు తేదీని ఖాళీ చేసే రోజున కాకుండా నెల ముందు ఉత్తరంలోనే చెప్పడం మంచిది, సమకూర్చుకోవడానికి వాళ్లకూ వ్యవధి ఉంటుంది. ఇక చివరి కరెంటు బిల్లు మనం వెళ్లాక వస్తుంది. దానికోసం డిపాజిట్ అంతా ఆపడం కుదరదు కానీ, గత నెలల బిల్లుల సగటంత ఉంచుకుంటామంటే ఒప్పుకోవచ్చు.

ఒప్పుకోలేని పెద్ద కోత వచ్చినప్పుడు మొత్తం కోసం పట్టుబట్టడం కన్నా, తగాదా లేని భాగం ఇప్పుడే ఇవ్వండి, మిగతాది మాట్లాడుకుందాం అని రాయడం ఎక్కువసార్లు పనిచేస్తుంది. ఆ భాగం తీసుకునేటప్పుడు రసీదు మాటలు మాత్రం చూసుకోవాలి. ‘లెక్క పూర్తిగా తీరింది’ అన్న కాగితం మీద సంతకం పెడితే మిగతా దాని గురించి అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది. ‘డిపాజిట్‌లో భాగంగా అందినది’ అని రాస్తే చాలు.

మా ఓనర్ పెయింట్‌కి మూడు రోజుల అద్దె, కరెంటు కోసం ఒక అంచనా మొత్తం ఉంచుకుని మిగతాది జూలై 12న పంపారు. కరెంటు బిల్లు ఆయన అంచనా కన్నా తక్కువ వచ్చింది. ఆ తేడా పంపమని నేను అడగలేదు, ఆయనే పంపారు, దాంతోపాటు బిల్లు ఫొటో కూడా.