మెరుపు చెరిపితే సర్వే నంబర్ రాదు

ఫొటో మీద పడ్డ లైటు మెరుపును ఒక్క నొక్కుతో తుడిచేసే యాప్‌లు ఇప్పుడు బోలెడు. తాతగారి పాత ఉత్తరాలకు నిక్షేపంగా వాడుకోండి. ఆస్తి కాగితాల దగ్గరికి మాత్రం వాటిని రానివ్వకూడదు.

బెంగళూరు మారతహళ్లిలో అద్దెకుంటున్న ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. ఫ్లాట్ కొనడానికి అనంతపురం దగ్గరున్న స్థలం అమ్మాలి. బేరం కుదిరేలా ఉంది, లింక్ డాక్యుమెంట్ చూపించమని కొనేవాళ్లు అడిగారు. ఊళ్లో నాన్నగారు లామినేషన్ చేయించి దాచిన దస్తావేజును ట్యూబ్‌లైట్ కింద పెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. షెడ్యూలు పేజీలో తెల్లటి చార సరిగ్గా సర్వే నంబర్ మీదే పడింది. ఇక్కడ కొడుకు యాప్‌లో చార తుడిచేశాడు. 143/2 అని చక్కగా, పక్క అక్షరాల సిరాలోనే వచ్చింది. కాగితం మీద ఉన్నది 148/2. అగ్రిమెంటులోకి వెళ్లింది పక్కవాళ్ల పొలం.

ఇందులో యాప్‌కు దురుద్దేశం లేదు, దానికి దొరికిన సరుకే అంత. మామూలు ఫొటోలో ప్రతి చుక్క వెలుగునూ సున్నా నుంచి 255 వరకు అంకెల్లో రాసుకుంటారు. కిటికీ ప్రతిబింబం పల్చగా పడితే అక్షరం మీద కాస్త వెలుగు కలుస్తుంది, అంతే. ఖాళీ కాగితం 240, సిరా 190 అయినా తేడా మిగులుతుంది కాబట్టి ఆ ప్రతిబింబాన్ని తీసేస్తే అక్షరం నిజంగానే తేలుతుంది. ట్యూబ్‌లైట్ నేరుగా ప్లాస్టిక్ మీద మెరిస్తే కాగితమూ 255, సిరా కూడా 255. ఆ పైన రాసుకోవడానికి అంకె లేదు. ఆ చోట ‘దాగిన’ అక్షరం అంటూ ఏదీ లేదు, ఫొటో తీసిన క్షణంలోనే అది పోయింది.

ఏ రకమో తేల్చుకోవడం తేలిక. ఫోన్‌లోని ఎడిటర్‌లో బ్రైట్‌నెస్ బాగా తగ్గించండి. మచ్చలో గీతల జాడ కనిపిస్తే ఆశ ఉంది. మచ్చ మొత్తం ఒకే బూడిద రంగులోకి మారితే అక్కడేమీ లేదు. అలాంటి చోట యాప్ చుట్టుపక్కల అక్షరాలు చూసి ఊహించి రాస్తుంది. ‘తూర్పు’, ‘పడమర’, ‘ఉత్తరం’ కనిపిస్తే నాలుగోది ‘దక్షిణం’ అని ఎవరైనా చెప్పగలరు. 14 తర్వాత మూడా, ఎనిమిదా అన్నది ఏ వాక్యమూ చెప్పదు. అదే ఫొటోను కాస్త వేరుగా కత్తిరించి మళ్లీ యాప్‌కు ఇవ్వండి. అంకె మారిందా, అది కల్పితమే. మారకపోయినంత మాత్రాన నిజమని కాదు.

ఇలాంటిది 2013లోనే జరిగింది. జిరాక్స్ కంపెనీ యంత్రాలు కొన్ని స్కాన్ చేసిన కాగితాల్లో 6ను 8గా మారుస్తున్నాయని డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త బయటపెట్టాడు. ఫైలు సైజు తగ్గించడానికి ఒకేలా కనిపించే అంకెలను ఒకటిగా లెక్కేసే పద్ధతి చేసిన పని అది. మసకబారి ఉంటే ఎవరో ఒకరు అనుమానించేవారు. తప్పు అంకె శుభ్రంగా అచ్చయింది కాబట్టే ఎవరికీ అనుమానం రాలేదు.

అసలు కాగితం చేతికందదు, ఉన్నదొక్క ఫొటోనే అన్నప్పుడు ఏం చేస్తాం అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అప్పుడు ఆ చోట ‘చదవడానికి లేదు’ అని రాయాలి. కానీ మన ఉదాహరణలో కాగితం ఇంట్లో బీరువాలోనే ఉంది!

నాన్నగారికి ఫోన్ చేసి మరో రెండు ఫొటోలు తీయమంటే సరిపోయేది. ట్యూబ్‌లైటూ ఫ్లాషూ ఆపేసి, ఫోన్‌ను కదలకుండా ఆనించి, టేబుల్ లైటును ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన పెట్టాలి. లైటు జరిగితే మెరుపూ జరుగుతుంది, అక్షరం మాత్రం జరగదు. మొదటి ఫొటోలో పోయింది రెండోదాంట్లో చదువుకోవచ్చు. ఒకే పేజీగా కావాలంటే GIMP అనే ఫొటో ఎడిటర్‌లో రెండింటినీ లేయర్లుగా ఒకదాని మీద ఒకటి పెట్టి పైదానికి `Darken only` మోడ్ ఎంచుకోవాలి. ప్రతి చుక్క దగ్గరా ముదురుగా ఉన్నదే నిలుస్తుంది, ఊహించింది ఒక్కటీ ఉండదు. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, అక్షరాలు నలగవు.

నిజానికి నా కోపం యాప్‌ల మీద కంటే అడిగేవాళ్ల మీద. బెంగళూరులో ఏ ఆఫీసుకు వెళ్లినా ‘క్లియర్ ఫొటో అప్‌లోడ్ చేయండి, 200 కేబీ దాటకూడదు’ అంటారు. అందంగా లేని ఫొటో తిరిగొస్తుంది, అందంగా ఉన్న తప్పు పాసైపోతుంది. జనం మెరుగులు దిద్దక ఏం చేస్తారు? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరైన స్థిరాస్తి దస్తావేజు నకలును ఫీజు కట్టి ఎవరైనా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తీసుకోవచ్చు. లక్షల బేరంలో ఆ సర్టిఫైడ్ కాపీ అడగకుండా వాట్సాప్ ఫొటోతో సరిపెట్టుకున్న కొనుగోలుదారుడు, రేపు హద్దుల దగ్గర గొడవైతే యాప్ మీద కేసు వేస్తాడా?