‘ఐదు నిమిషాలు సార్’ అన్నందుకే ఆ ఒక్క స్టార్

కడపలో రాగిసంగటి, నాటుకోడి పులుసుకు పేరున్న ఒక మోస్తరు హోటల్‌ను ఊహించుకుందాం. ఆదివారం రాత్రి ఒక కుటుంబం వచ్చి భోంచేసి వెళ్లింది. పది దాటాక గూగుల్ మ్యాప్స్‌లో ఒకే ఒక్క స్టార్‌తో రివ్యూ పడింది: "గంట కూర్చోబెట్టారు. అడిగిన ప్రతిసారీ ఐదు నిమిషాలు సార్ అన్నారు. మా తర్వాత వచ్చినోళ్లు తిని చేతులు కడుక్కుని పోయారు. పిల్లోడు ఆకలికి ఏడ్చి నిద్రపోయాడు. జన్మలో ఈ గడప తొక్కం."

యజమానికి ముందు వచ్చే టెన్షన్ రేటింగ్ పడిపోతుందేమోనని. నిజానికి అక్కడ పోయేది చాలా తక్కువ. 200 రివ్యూలతో 4.3 సగటు ఉన్న హోటల్‌కు ఇంకో ఒక్క స్టార్ కలిస్తే లెక్క 4.28 అవుతుంది. తెర మీద ఒక దశాంశమే చూపిస్తారు కాబట్టి 4.3గానే కనబడుతుంది. 40 రివ్యూలే ఉన్న కొత్త హోటల్ అయితే 4.2కు దిగుతుంది, అంతే. అసలు నష్టం వేరే చోట ఉంది. కొత్తగా ఊరికి వచ్చి, ఎక్కడ తిందామా అని ఫోన్‌లో వెతికేవాళ్లలో చాలామంది ముందు తక్కువ స్టార్ల రివ్యూలనే తెరిచి చూస్తారు. యజమాని జవాబు చదివేది ప్రధానంగా వాళ్లే. రాసిన మనిషి తిరిగి వచ్చినా రాకపోయినా, ఆ జవాబు మాత్రం రివ్యూ కింద అందరికీ కనబడుతూ ఉంటుంది.

చాలామంది యజమానులు ఈ రివ్యూని ‘సర్వీస్ లేటు’ అని ఒక్క ముక్కగా చదివేస్తారు. ఇంకోసారి చదవండి. నాటుకోడికి టైమ్ పడుతుందని, సంగటి వేడిగా కావాలంటే ఆగాలని సీమ జనానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ముప్పావు గంట అని ముందే చెబితే సరేనని కూర్చునేవాళ్లు, లేదంటే వేరే చోటికి పోయేవాళ్లు. కోపం రెండు చోట్ల ఉంది. ఐదు నిమిషాలని అబద్ధం చెప్పారు. వరుస తప్పించి పక్కవాళ్లకు పెట్టారు. ఈ రెండింటి ఊసెత్తకుండా ఆలస్యానికి మాత్రమే సారీ చెప్తే, ఆ రివ్యూ సరిగ్గా చదవలేదని ఇట్టే తెలిసిపోతుంది.

అందుకే జవాబు రాసేముందు వంటగదిలోకి పోవాలి. ఆ రాత్రి వంటగదికి వెళ్లిన ఆర్డర్ చీటీ మీద 8:12 ఉంది. బిల్లు కొట్టింది 9:41కి. వడ్డించిన సమయం ఈ రెండింట్లోనూ ఉండదు. కెమెరా చూస్తే సంగటి టేబుల్ మీదికి వచ్చింది 9:10కి. అసలు జరిగిందేమిటి? రెండు డెలివరీ యాప్‌ల నుంచి వరసగా పార్సిల్ ఆర్డర్లు వచ్చిపడ్డాయి. గిన్నెలో ఉన్న సంగటి ఎనిమిదింటికల్లా ఖాళీ. మళ్లీ ఎసరు పెట్టి, బియ్యం మెత్తగా ఉడికాక పిండి పోసి, కాసేపు మగ్గనిచ్చి, ఉండలు కట్టకుండా గెలికి ముద్దలు చేయాలి. పక్క టేబుల్ వాళ్లు అడిగింది బిర్యానీ. అది దమ్ దించి సిద్ధంగా ఉంది, గరిటెతో తీసి పెట్టడమే పని. అంటే ఎవరూ వరుస తప్పించలేదు. కానీ ఆ సంగతి కూర్చున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? సర్వర్‌కే తెలియదు. సంగటి అయిపోయిందని మాస్టర్ బయటికి చెప్పలేదు. సర్వర్ అలవాటుగా ఐదు నిమిషాలు అంటూ పోయాడు.

ఇవన్నీ తెలుసుకున్నాక, మరుసటి రోజు పొద్దున యజమాని ఇలా రాశాడనుకుందాం:

"నమస్కారమండి. మీరు రాసింది నిజమే. ఆదివారం రాత్రి మీకు వడ్డించేసరికి దాదాపు గంటైంది. మీరు వచ్చేసరికి సంగటి అయిపోయి, మళ్లీ ఎసరు పెట్టాల్సి వచ్చింది. పక్కవాళ్లు అడిగిన బిర్యానీ సిద్ధంగా ఉండబట్టి వాళ్లకు ముందు వచ్చింది. ఈ మాట ఆర్డర్ తీసుకునేటప్పుడే మీకు చెప్పాల్సింది. చెప్పకపోగా ఐదు నిమిషాలంటూ కూర్చోబెట్టాం. అది మా తప్పే, క్షమించండి. బాబు ఆకలితో నిద్రపోయాడని చదివి చాలా బాధేసింది. సంగటి అయిపోతే ఎంతసేపు పడుతుందో ఇప్పటినుంచి ముందే చెబుతాం. పిల్లలుంటే సిద్ధంగా ఉన్నది ఏదో ఒకటి ముందు పెడతాం. ఇంకేమైనా చెప్పాలనుకుంటే హోటల్ నంబర్‌కు చేయండి, నేనే మాట్లాడతాను."

ఇందులో వాక్యాల వరుస గమనించండి. కారణం ముందు వచ్చింది, తప్పు ఒప్పుకోవడం తర్వాత వచ్చింది. దీన్ని తిరగేసి "క్షమించండి, కానీ ఆదివారం రష్..." అని రాస్తే, అవే విషయాలు సాకుల్లా వినబడతాయి. ‘దాదాపు గంట’ అనడమూ కావాలని చేసిందే. లెక్కకు 58 నిమిషాలే. కానీ ఆ అంకె రాస్తే గంట అన్న మనిషితో రెండు నిమిషాలకు బేరమాడినట్టు ఉంటుంది. కెమెరా చూశాననీ రాయలేదు. నిజం తెలుసుకోవడానికి అది పనికొస్తుంది గానీ, జవాబులో దాని పేరెత్తితే బెదిరించినట్టే. సర్వర్ మీద నెపం పెట్టలేదు. "సిబ్బందిపై చర్య తీసుకున్నాం" అని ఏదో ప్రభుత్వ ఆఫీసులాగా రాసేవాళ్లను చూస్తుంటాం. వంటగది నుంచి కబురు అందని కుర్రాడి మీద ఏం చర్య?

ఉచిత భోజనం ఊసు లేకపోవడం కొందరికి పిసినారితనంగా అనిపించొచ్చు. రివ్యూ కింద "ఈసారి వస్తే బిర్యానీ మా తరఫున" అని రాస్తే, స్టార్ తగ్గిస్తే బిర్యానీ వస్తుందని చదివినవాళ్లందరికీ తెలిసిపోతుంది. పైగా రివ్యూ మార్చమనో తీసేయమనో ఆశ చూపి డిస్కౌంట్లు ఇవ్వడాన్ని గూగుల్ నిబంధనలే ఒప్పుకోవు. ఆ కుటుంబం ఫోన్ చేస్తే అప్పుడు యజమాని ఏం చేయాలనుకుంటే అది చేసుకోవచ్చు, స్టార్ల ప్రస్తావన మాత్రం తేకూడదు. రిపోర్ట్ కొట్టి రివ్యూ తీయించేద్దామని సలహా ఇచ్చే స్నేహితులు ప్రతి యజమానికీ ఒకరిద్దరు ఉంటారు. బూతులు, నకిలీ రివ్యూలు, బెదిరింపుల్లాంటివాటికి ఆ దారి ఉంది. ‘లేటుగా పెట్టారు’ అన్న మాటకు లేదు.

నా దృష్టిలో ఈ జవాబులో అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం "ముందే చెబుతాం" అన్నది. అది నిలబడాలంటే సంగటి అయిపోవస్తుండగానే మాస్టర్ కౌంటర్‌కు చెప్పాలి, కౌంటర్‌లో ఉన్నవాళ్లు వెంటనే యాప్‌లలో ఆ ఐటమ్‌ను ఆపేయాలి, ఆర్డర్ తీసుకునే ప్రతి సర్వర్‌కూ ఆ కబురు చేరాలి. రష్ టైములో ఈ మూడూ జరగడం అంత తేలిక కాదు. జరగలేదనుకోండి, నెల తిరక్కుండా ఇంకొకరు "ఐదు నిమిషాలు అని గంట కూర్చోబెట్టారు" అని రాస్తారు. అప్పుడు ఎవరైనా కిందికి జరిపి చూస్తే పాత జవాబు తారీఖుతో సహా కనబడుతుంది. అంత మర్యాదగా రాసిన మాటలే యజమాని మీద సాక్ష్యమవుతాయి. వంటగదిలో ఈ ఏర్పాటు చేయలేనని ముందే తెలిస్తే ఆ ఒక్క వాక్యం తీసేసి, తప్పు ఒప్పుకున్నంత వరకే రాసి ఊరుకోవడం మేలు.