కొడుకు జేబులో పాట దొరకలేదు

“సైనికుడి అంత్యక్రియల్లో 21 తుపాకులు పేలుస్తారు. ఎందుకో తెలుసా? 1+7+7+6=21! అప్పుడు బ్యూగిల్ మీద ఊదేది, యుద్ధంలో చనిపోయిన కొడుకు జేబులో తండ్రికి దొరికిన పాట. చితి మీద నుంచి జెండా తీసేయడం అవమానం, దేహంతోపాటే దహనం చేయాలని పట్టుబట్టండి. తూటాల దండగ, తెల్లోళ్ల డాబు మనకెందుకు? పది గ్రూపులకు పంపండి.”

ఈ వారంలో ఇది నాకు నాలుగోసారి వచ్చింది. అల్వాల్‌లో మా కాలనీ గ్రూపు, మా బావమరిది, చివరికి పాత యూనిట్ వాళ్లు కూడా పంపారు. సైన్యంలో పదిహేడేళ్లు బ్యూగిల్ ఊదినవాడికే బ్యూగిల్ పాఠమన్నమాట.

కూడికల సంగతి ముందు తేల్చేద్దాం. 1776 అమెరికా వాళ్లు స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఏడాది. తెల్లవాళ్ల కాలంలో మన నిజాంకు కూడా 21 ఫిరంగుల మర్యాద ఉండేది. ఆయనేమైనా అమెరికా పుట్టినరోజు చేసుకున్నాడా? పైగా ఫిరంగి వేరు, రైఫిల్ వేరు. ఫిరంగుల లెక్క హోదాను బట్టి ఉంటుంది. 2021 డిసెంబరులో జనరల్ బిపిన్ రావత్‌కు ఢిల్లీలో 17 మోగాయి. మామూలు జవానుకు మోగేవి రైఫిళ్లు, అందరూ ఒక్కసారిగా, మూడుసార్లు. ఏడుగురు నిలబడితే ఏడు మూళ్లు ఇరవై ఒకటి అవుతుంది, అక్కడ పుట్టింది ఈ గందరగోళం. మూడుసార్లే ఎందుకంటే, పూర్వం యూరప్‌లో పోరు ఆపి శవాలను తీసుకెళ్లాక, మా వాళ్లను చూసుకున్నాం, ఇక మొదలెట్టొచ్చని మూడుసార్లు పేల్చేవారని చెబుతారు.

తూటాల దండగట! అందులో తూటా ఉంటే కదా. ఇత్తడి గుల్ల మూతిని మొగ్గలా నొక్కేసి ఉంటుంది, లోపల మందు తప్ప సీసం ఉండదు. ముందుకు తోయడానికి తూటా లేదు కాబట్టి పేలినా గొట్టంలో ఒత్తిడి చాలదు, రెండో గుల్ల దానంతటది ఎక్కదు. అందుకే ప్రతి మోతకూ బోల్టును చేత్తో లాగాలి. ఈసారి టీవీలో చూస్తే రెండు మోతల మధ్య ఆ ఖటక్ చప్పుడు వినండి. దండగ చూడాలంటే 2019లో బీహార్ మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రా అంత్యక్రియలు చూడండి, పోలీసుల 22 రైఫిళ్లలో ఒక్కటీ పేలలేదు.

ఇక జేబులో పాట. ఆ కథ అమెరికా వాళ్లు అంత్యక్రియల్లో ఊదే ‘ట్యాప్స్’ గురించి, అది కూడా కట్టుకథే. 1862లో వర్జీనియాలో బటర్‌ఫీల్డ్ అనే జనరల్ తన బ్యూగిలర్ నార్టన్‌ను పిలిపించుకుని దిద్దిన బాణీ అది. మనం ఊదేది ‘లాస్ట్ పోస్ట్’. పోస్ట్ అంటే ఉత్తరం కాదు బాబూ, సెంట్రీ నిలబడే చోటు. రాత్రి ఆఫీసరు కాపలాలు చూసుకుంటూ తిరిగి చివరి చోటు దాటాడంటే ఈ పిలుపు వినిపించేది. ఇక పడుకోండి, కాపలా ఉంది అని. అంత్యక్రియల్లో అది అయ్యాక కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత ‘రౌజ్’, అంటే పొద్దున లేపే పిలుపు. బ్యూగిల్‌కు మీటలుండవు, ఉన్న అయిదు స్వరాలూ పెదవితోనే పలకాలి. చలికాలం మౌత్‌పీస్‌ను గుప్పిట్లో పెట్టుకుని వెచ్చబెట్టేవాణ్ణి, లేకపోతే మొదటి స్వరమే చీలిపోతుంది.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆ కొడుకు కథను కొత్త కుర్రాళ్లకు నేనే చాలాసార్లు చెప్పాను, కళ్లు తుడుచుకుంటూ మరీ. తెల్లోళ్లు నేర్పారన్నదీ నిజమే, బాణీతో సహా. దాన్ని కాదనను.

కానీ జెండా మాట మాత్రం ఊరుకోలేను. రెండేళ్ల కిందట నల్గొండ వైపు ఒక ఊళ్లో జవాను అంత్యక్రియలకు వెళ్లాను. జెండా తీయబోతుంటే వరసకు తమ్ముడయ్యే కుర్రాడు దాని అంచు పట్టుకుని వదల్లేదు. “అవమానించొద్దు సార్, ఫోన్‌లో చదివాను” అని ఏడుపు. ఇటు హవల్దార్, అటు కుర్రాడు, మధ్యలో శవం. జవాను తల్లి వచ్చి ఆ కుర్రాడి వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది.

ఫ్లాగ్ కోడ్‌లో స్పష్టంగా ఉంది: కాషాయం తల వైపు ఉండేలా కప్పాలి, సమాధిలోకి దించకూడదు, చితిలో కాల్చకూడదు. తీసేయడమే మర్యాద. తీశాక కాషాయాన్నీ ఆకుపచ్చనీ తెలుపు కిందికి మడిచి, చక్రం పైకి కనిపించేలా చేసి, రెండు అరచేతుల మీద పెట్టుకుని మోస్తారు. ఇంటివాళ్లకు అందేది అదే. కాల్చేస్తే వాళ్ల చేతిలో ఏం పెడతారు, మీ ఫార్వర్డ్ మెసేజా?

ఆ రోజు ఆ తల్లి దాన్ని ఒళ్లో పెట్టుకుని, అంచున ఆ కుర్రాడి వేళ్లు నలిపిన ముడతను చీర కొంగుతో సాపు చేస్తూ కూర్చుంది.