వీలునామా రిజిస్టర్ అయింది సరే, రేపు కోర్టులో మాట్లాడేదెవరు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వీలునామా గురించి అడిగితే చాలామంది చెప్పే మాట ఒకటే: రిజిస్టర్ చేయించాం, ఇక ఢోకా లేదు. ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురుగా, వీలునామా నిజమైనదని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, అంటే ప్రొబేట్, తెచ్చుకోకపోతే వీలునామా చెల్లదంటారు. రెండూ తప్పే. వీలునామా నిలబడుతుందా లేదా అన్నది చివరికి తేలేది బతికున్న ఒక సాక్షి బోనులో చెప్పే నాలుగు మాటల మీద. ప్రొబేట్ ఎప్పుడు తెచ్చుకోవాలో కూడా ఆ సాక్షిని చూసే నిర్ణయించుకోవాలని నా అభిప్రాయం.

ముందు ప్రొబేట్ తప్పనిసరా కాదా అన్నది చూద్దాం. భారత వారసత్వ చట్టం 1925లో సెక్షన్ 213 ఉండేది. ప్రొబేట్ లేకుండా వీలునామా కింద హక్కు ఏ కోర్టులోనూ రుజువు చేసుకోలేరని అది చెప్పేది. అయితే హిందువుల విషయంలో ఆ నిబంధన దేశమంతటికీ వర్తించలేదు. పాత బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ కింద ఉన్న ప్రాంతాలకు, మద్రాసు, బొంబాయి హైకోర్టుల నగర పరిధికి మాత్రమే వర్తించింది. అంటే ఆ చోట్ల రాసిన వీలునామాలు, లేదా ఎక్కడ రాసినా ఆ చోట్ల ఉన్న స్థిరాస్తి గురించిన వీలునామాలు. తెలంగాణలో రాసి, తెలంగాణ ఆస్తినే ఇచ్చే హిందువుల వీలునామాకు ప్రొబేట్ ఎప్పుడూ తప్పనిసరి కాలేదు. ముస్లింల వీలునామాలకు ఆ సెక్షన్ వర్తించనే లేదు. 2002 సవరణతో భారతీయ క్రైస్తవులకూ మినహాయింపు వచ్చింది.

కానీ మన జిల్లాల వాళ్లు ఒక్క చోటే ఉండరు. పాలమూరు నుంచి పనికోసం ముంబై పోయి అక్కడే ఒక గది కొనుక్కున్నవాళ్లున్నారు. నల్లగొండ వైపు నుంచి మగ్గం పట్టుకుని భివండీ పోయినవాళ్లున్నారు. వీలునామా నారాయణపేటలో కూర్చుని రాసినా, అందులో ముంబై గది ఉంటే ఆ గది మేరకు ప్రొబేట్ కావాల్సి వచ్చేది. అదే ఇల్లు భివండీలో ఉంటే అక్కర్లేదు, ఎందుకంటే భివండీ ఠాణె జిల్లాలోది, బొంబాయి నగర పరిధి బయటది. ఈ తేడా 2025 డిసెంబర్ దాకా నడిచింది. అప్పుడు పార్లమెంటు ఆమోదించిన సవరణ చట్టం సెక్షన్ 213నే తీసేసింది.

తప్పనిసరి పోయింది కదా అని ప్రొబేట్ పోలేదు. కావాలనుకున్నవాళ్లు ఇప్పటికీ తెచ్చుకోవచ్చు. వీలునామాను మామూలు సివిల్ దావాలోనూ రుజువు చేసుకోవచ్చు, రుజువు స్థాయి రెండింటిలోనూ ఒకటే. తేడా ఫలితంలో ఉంది. దావా తీర్పు అందులో పార్టీలుగా ఉన్నవాళ్లను కట్టిపడేస్తుంది. ప్రొబేట్ మాత్రం వీలునామా నిజమైనదని అందరి మీదా చెల్లేలా తేల్చేస్తుంది. రేపు బ్యాంకు అడిగినా, హౌసింగ్ సొసైటీ అడిగినా, దూరపు చుట్టం వచ్చి అది దొంగ వీలునామా అన్నా చూపించే కాగితం అదే. మ్యుటేషన్ ఆ పని చేయదు. తహసీల్దార్ పాస్‌బుక్‌లో పేరు మార్చినంత మాత్రాన హక్కు పుట్టదు. వీలునామా మీద గొడవ ఉంటే సివిల్ కోర్టుకు వెళ్లాల్సిందేనని సుప్రీంకోర్టు 2021లో మళ్లీ స్పష్టంగా చెప్పింది.

ఇక కోర్టు ఏం చూస్తుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చెబుతాను. దేవరకొండ దగ్గరి పల్లెలో 78 ఏళ్ల రైతు. నాలుగెకరాల చెలక, నల్లగొండలో చిన్న ఇల్లు, బ్యాంకులో కొంత డిపాజిట్. ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. పెద్దకొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, బిడ్డ అత్తగారింట్లో. చిన్నకొడుకు దగ్గరే ఉండి చూసుకున్నాడు, ఆస్తంతా అతని పేరనే రాశాడు తండ్రి. దస్తావేజు లేఖరి రాశాడు, తండ్రి వేలిముద్ర వేశాడు. చిన్నకొడుకు బామ్మర్ది ఒకరు, ఊరి రిటైర్డ్ టీచరు ఒకరు సాక్షి సంతకాలు పెట్టారు. తర్వాత రిజిస్టర్ చేయించారు. రెండేళ్లకు తండ్రి పోయాడు.

చిన్నకొడుకు నల్లగొండ ప్రిన్సిపల్ జిల్లా జడ్జి కోర్టులో ఓపీ అనే పిటిషన్ వేస్తాడు. వీలునామాలో అమలు బాధ్యత ఎవరికీ అప్పగించకపోతే, అంటే ఎగ్జిక్యూటర్ పేరు లేకపోతే, చట్టం ప్రకారం అతను అడగాల్సింది ప్రొబేట్ కాదు, వీలునామా జతపరిచిన లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఆస్తి వ్యవహారం చూసే అధికార పత్రం. మన పల్లె వీలునామాల్లో ఆ పేరు రాసేది తక్కువ కాబట్టి ఈ రెండో దారే ఎక్కువమందికి పడుతుంది. పరీక్ష మాత్రం ఒకటే. తండ్రి ఎప్పుడు పోయాడు, ఇదే ఆఖరి వీలునామా అని, చట్టప్రకారం రాసిందని, ఆస్తి విలువ ఎంతని పిటిషన్‌లో చెప్పాలి. ప్రొబేట్ అడిగే పిటిషన్ అయితే, సాక్షి దొరికితే వాళ్లలో ఒకరు దాన్ని ధ్రువీకరించాలి. మిగిలిన వారసులకు నోటీసులు పోతాయి. ఎవరూ ఎదురు రాకపోతే ఒక సాక్షి సాక్ష్యంతో పని త్వరగా ముగుస్తుంది. ఇక్కడ అన్న, చెల్లె ఇద్దరూ అభ్యంతరం పెట్టారనుకుందాం. అప్పుడు ఓపీ కాస్తా ఓఎస్ అవుతుంది, అంటే మామూలు దావాలాగా విచారణ నడుస్తుంది. రుజువు బాధ్యత మొదట చిన్నకొడుకు మీదే.

అదే వారసత్వ చట్టంలోని సెక్షన్ 63 ఏం అడుగుతుందంటే: రాసిన మనిషి సంతకం గానీ వేలిముద్ర గానీ ఉండాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. ప్రతి సాక్షీ ఆయన వేలిముద్ర వేస్తుంటే చూసి ఉండాలి, లేదా ‘ఇది నాదే’ అని ఆయన నోట విని ఉండాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే తన సంతకం పెట్టి ఉండాలి. ఇద్దరు సాక్షులూ ఒకేసారి అక్కడ ఉండాల్సిన పనిలేదు. కోర్టులో మాత్రం ఇద్దరిలో ఒకరిని పిలిస్తే చాలు, కానీ ఆ ఒక్కరే ఇద్దరి సంగతీ చెప్పాలి.

మన ఉదాహరణలో టీచరు గారు బోనెక్కారు. ‘నేను పోయేసరికే వేలిముద్ర వేసి ఉంది, నేను సంతకం పెట్టి వచ్చాను’ అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు, కానీ అక్కడితో ఆగిపోతే వీలునామా రుజువు కాదు. తర్వాతి ప్రశ్న మీదే కేసంతా ఉంది: ‘ఆ వేలిముద్ర తనదేనని ముసలాయన మీతో చెప్పాడా?’ చెప్పాడంటే ఆయన మేరకు నిబంధన తీరినట్టే. ఇంకో ప్రశ్న మిగిలింది: ‘రెండో సాక్షి ఎప్పుడు సంతకం చేశాడు, మీరు చూశారా?’ చూడలేదంటే బామ్మర్దిని కూడా పిలవాల్సిందే. రెండో సాక్షి అందుబాటులో ఉండీ పిలవకపోతే, ఆ లోటును ఇతర సాక్ష్యంతో పూడ్చుకునే వీలు లేదని సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. కేసులు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. లాయర్ సాక్షిని ఈ రెండు ప్రశ్నలూ అడగడం మరిచిపోతే ఏళ్ల శ్రమ ఒక్క పూటలో పోతుంది.

మరి రిజిస్ట్రేషన్ సంగతి? అది పనికొస్తుంది, కాదనను. ఆ రోజు ఆ మనిషి ఆఫీసుకు వచ్చాడని చెబుతుంది. కానీ సబ్ రిజిస్ట్రార్ సంతకం గానీ, గుర్తింపు సాక్షుల సంతకాలు గానీ వాటంతట అవే సెక్షన్ 63 సాక్షి సంతకాలు కావు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కూడా కాదు. తెల్లకాగితం మీద రాసినా, సాక్షులు గట్టిగా ఉంటే నిలుస్తుంది.

ఇంతవరకు సాక్షి సంతకాల సంగతి. ఆ తర్వాత కోర్టు చుట్టూ ఉన్న పరిస్థితులను చూస్తుంది. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇప్పటికీ దారి చూపుతోంది: అనుమానం పుట్టించే పరిస్థితులు ఉంటే, వాటిని తొలగించాల్సింది వీలునామా చూపిస్తున్నవాళ్లే. మన కేసులో అనుమానాలు మూడున్నాయి. లాభం పొందే చిన్నకొడుకే లేఖరిని పిలిచాడా? సాక్షి అతని బామ్మర్ది. బిడ్డకు ఏమీ ఇవ్వలేదు. మూడోది ఒక్కటే వీలునామాను పడగొట్టదు, ఎందుకంటే సహజ వారసత్వాన్ని మార్చడానికే కదా వీలునామా రాసేది. కానీ మొదటి రెండింటితో కలిస్తే బరువు పెరుగుతుంది. ‘బిడ్డ పెళ్లికి ఇంత ఇచ్చాను, పెద్దోడికి హైదరాబాద్ ప్లాటుకు ఇంత ఇచ్చాను’ అన్న రెండు వాక్యాలు వీలునామాలోనే ఉండి, అవి నిజమని తేలితే ఆ బరువు దిగుతుంది. ఆ రోజుల్లో ఆయన ఆరోగ్యం ఎలా ఉందో, తనంతట తాను బ్యాంకుకు పోయాడా, వీలునామాను చదివి వినిపించారా అన్నవి కూడా జడ్జి అడిగే సంగతులే. వేలిముద్ర వేసిన మనిషి విషయంలో చదివి వినిపించడం మరీ ముఖ్యం.

చూడనిది ఒకటుంది. ఆ ఆస్తి నిజంగా తండ్రిదేనా అన్నది ప్రొబేట్ కోర్టు తేల్చదు. నాలుగెకరాల్లో రెండెకరాలు పిత్రార్జితమని పెద్దకొడుకు అంటే, దానికి విడిగా పార్టిషన్ దావా వేసుకోవాలి. ఉమ్మడి ఆస్తిలో తండ్రి వీలునామా రాయగలిగేది తన వాటా మేరకే. చిన్నకొడుకుకు ప్రొబేట్ కోర్టు ఉత్తర్వు వచ్చినా ఆ దావా దారికి అడ్డురాదు. చాలామంది దీన్ని తెలియక, కోర్టు కాగితం వచ్చింది కాబట్టి భూమంతా మనదే అనుకుని పోరు పెంచుకుంటున్నారు.

కాబట్టి ఎవరు తెచ్చుకోవాలి? అందరూ ఒప్పుకున్న చోట, రెండెకరాల కుటుంబం జిల్లా కోర్టు చుట్టూ తిరగడం అనవసరమని నేనంటాను. ఒక వారసుణ్ని పక్కనపెట్టిన వీలునామా అయితే మాత్రం, సాక్షులు బతికుండగానే వెళ్లాలి. సాక్షులిద్దరూ పోతే చేతిరాతలు గుర్తుపట్టేవాళ్లను వెతుక్కోవాలి. దరఖాస్తు గడువు మూడేళ్లు. ఆ హక్కు పుట్టినప్పటి నుంచి లెక్క కాబట్టి చావు తేదీ ఒక్కటే కొలత కాదు, కానీ మూడేళ్లు దాటిన ఆలస్యం దానికదే అనుమానమవుతుంది.

నోటీసుల జాబితా కూడా జాగ్రత్తగా రాయాలి. ముంబైలో పనిచేసే ఒక వారసురాలి చిరునామా దొరకలేదని పేరు వదిలేసినా, తెలిసీ దాచినా, సెక్షన్ 263 కింద ఆమె తర్వాత వచ్చి ప్రొబేట్‌ను రద్దు చేయమని అడగొచ్చు. అప్పుడు సాక్షులను మళ్లీ బోనెక్కించాలి. ఆనాటికి వాళ్లు ఉంటే.